మిగతా ముప్పై ఒకటి

కత్తి మొనకి అంటిన చాక్లెట్ ఐదు నిమిషాల్లో గట్టిపడాలి. పది నిమిషాలైనా గట్టిపడలేదు. పెద్దక్క వేలితో తాకి చూసింది. వేలిముద్ర పడింది. తుడిచేసి, గోడ గడియారం వంక చూసింది. ఎనిమిదిన్నర. పదకొండింటికి హోటల్ చెఫ్ వస్తాడు.

ఆ పనిగదిలో అందరికీ ఆమె పెద్దక్కే. గది తమ్ముడిది, పెట్టుబడి తమ్ముడిది, బోర్డు మీద పేరూ తమ్ముడిదే. చాక్లెట్ మాత్రం పెద్దక్కది. ముప్పై ఏళ్ళుగా ఆమె చెయ్యి పడనిదే అక్కడ ఒక్క బిళ్ళ మెరవలేదు. ఈ ముక్క ఎవరో పొగిడితే వినడం వేరు, తనే రోజుకి నాలుగుసార్లు గుర్తుచేయడం వేరు. పెద్దక్కకి రెండోదే అలవాటు.

"ఇంకోసారి చేస్తాను" అంది, ఎవరూ అడక్కపోయినా.

కరిగిన చాక్లెట్‌ని మళ్ళీ నలభై ఐదు డిగ్రీలకి తీసుకెళ్ళింది. పాలరాతి బల్ల మీద పోసి, వెడల్పాటి రేకుతో అటూ ఇటూ లాగి ఇరవై ఏడుకి చల్లార్చింది. మళ్ళీ గిన్నెలోకి ఎత్తి ముప్పై ఒకటికి మెల్లగా వెచ్చబెట్టింది. చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ ఈ ఎక్కడం దిగడం సరిగ్గా జరిగితేనే చిన్న చిన్న పలుకులుగా కట్టుకుని, గట్టిగా, నిగనిగలాడుతూ నిలబడుతుంది. ఒకటి రెండు డిగ్రీలు తేడా వస్తే మొహం మాడ్చుకుని, తెల్లటి మచ్చలేసుకుని కూర్చుంటుంది. దీన్నే టెంపరింగ్ అంటారు. మనిషి టెంపర్‌కీ దీనికీ సంబంధం లేదని తమ్ముడు అంటాడు గానీ, పెద్దక్కని చూసినవాళ్ళు నమ్మరు.

కత్తి మొన ముంచి పక్కన పెట్టింది. ఈసారి గడియారం చూడకుండా లోపలే లెక్కపెట్టుకుంది. ఆరొందలు లెక్కపెట్టింది. తాకింది. జిగురు.

ట్రేలో అప్పటికే ముంచి పెట్టిన ఇరవై బాదంపప్పులు ఉన్నాయి. వాటి మీద పూత ఎండలో పెట్టిన మైనంలా మెత్తగా, మెరుపు లేకుండా ఉంది. ఇంకా మూడు వేల చిల్లర ముంచాలి. నూట ఇరవై పెట్టెలు నిండాలి. సాయంత్రం హోటల్లో డాక్టర్ల సభకి విందు. ఆ విందులో పెట్టెలు నచ్చితే ఏడాది పొడుగునా సరఫరా తమకే. ఆ మాట కోసం తమ్ముడు మూడు నెలలుగా ఆ హోటల్ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. "ఇది కూడా పోతే మూసేద్దామక్కా" అని మొన్న అన్నాడు. అరిచి అని ఉంటే పెద్దక్క తిరిగి అరిచేది. నెమ్మదిగా అన్నాడు. అందుకే భయం వేసింది.

"థర్మామీటర్ పాడై ఉంటుంది" అంది పెద్దక్క.

మరదలు ఇంకో థర్మామీటర్ తెచ్చింది. తమ్ముడి భార్య. పనిగదికి కావలసినవి తెప్పించడం, చీటీలు దాచడం, పెట్టెలకి లేబుళ్ళు అంటించడం ఆమె పని. మాట తక్కువ. రెండు థర్మామీటర్లూ ఒకటే అంకె చూపించాయి.

"గది వేడిగా ఉంది."

"ఇరవై డిగ్రీలే ఉంది వదినా."

"అయితే నా చేతులే చెడ్డాయి!" అంది పెద్దక్క విసురుగా. అనేశాక ఆ మాట గదిలోనే నిలబడిపోయింది. ఎవరూ వెంటనే కాదనలేదు. కాదనడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది, అంతే. ఆ ఒక్క క్షణం ఆమెకి ముల్లులా దిగింది. యాభై ఎనిమిదేళ్ళు. కళ్ళు ఎలాగూ మసకబారాయి, కొత్త అద్దాలు నిన్ననే వచ్చాయి. ఇప్పుడు చేతులు కూడానా?

తమ్ముడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

పరిస్థితి చూసి జోరయ్యకి జాలేసింది. జోరయ్య అచ్చుల పని చేసేవాడు. ఏ పనైనా జోరుగా ముగించి బయటికెళ్ళి టీ తాగుదామని చూస్తాడు కాబట్టి ఆ పేరొచ్చింది. నిన్న పెద్దక్క కళ్ళద్దాలు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు, హోటల్ గదుల్లో దిండ్ల మీద పెట్టే చిన్న పలకలు రెండొందలు అతనే చిన్న గిన్నెలో కరిగించి పోశాడు. అవి నిన్న సాయంత్రమే హోటల్‌కి వెళ్ళిపోయాయి.

"మీ చేతులకేం కాలేదు అక్కగారూ" అన్నాడు ఓదార్పుగా. "చాక్లెట్‌కే ఒక్కోరోజు ఒక్కో బుద్ధి పుడుతుంది. నిన్న చూడండి, నేను టెంపరింగ్ కూడా చేయలేదు. నలభై రెండు డిగ్రీల్లో ఉండగానే అచ్చుల్లో పోసేశా. తిడతారని మీకు చెప్పలేదు. అయినా అద్దంలా మెరిసిపోయాయి. మొహం చూసుకోవచ్చు!"

తిట్టు కోసం అతను మెడ ముందే వంచాడు. తిట్టు రాలేదు.

పెద్దక్క చేతిలో రేకు కదలడం ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"తప్పే అక్కగారూ…"

"టెంపరింగ్ చేయకుండా పోశావా?"

"పోశాను."

"మెరిశాయా?"

"మెరిశాయండీ. మీరూ చూశారుగా, సాయంత్రం ఒకటి తిని బాగుందన్నారు కూడా."

అన్నది. నిజమే. సాయంత్రం తిరిగొచ్చాక, పొగలు కక్కే టీ గుక్క నోట్లో ఉండగానే ఒక పలక విరిచి వేసుకుని "బాగుందిరా" అంది. కోకో బటర్ ఉన్న చాక్లెట్ టెంపరింగ్ లేకుండా అలా మెరవదు. మెరిసిందంటే అందులో ఉన్నది కోకో బటర్ కాదు. ఈ ముక్క కొత్తగా చేరినవాళ్ళకి తనే మొదటి రోజు చెబుతుంది.

"ఏ డబ్బాలోంచి తీశావు?"

"మొన్న వచ్చిన కొత్త బిళ్ళలండీ. ఆరు పాకెట్లూ కోసి ఆ స్టీలు డబ్బాలో పోశాను. పొద్దున్న మీరూ అందులోంచే తీసి పెద్ద గిన్నెలో కలిపారు కదా."

అవును. పెద్ద గిన్నెలో మొన్నటి పాత చాక్లెట్ ఆరు కిలోలు మిగిలి ఉంటే, పొద్దున్న ఆ డబ్బాలోంచి ఐదు కిలోలు తీసి తనే కలిపింది. డబ్బా మీద ఎప్పుడో అంటించిన కాగితం ఉంది, 'డార్క్, కోకో 54%' అని. ఆ కాగితం డబ్బా గురించి చెబుతుంది గానీ లోపల పోసినదాని గురించి చెప్పదు.

"పాకెట్ల కవర్లు ఎక్కడ?"

"చెత్తలో."

పెద్దక్క పెరటి వైపు దాదాపు పరిగెత్తింది. అట్టపెట్టెలు, నలిగిన కాగితాలు, చేతి తొడుగులు అన్నీ ఎత్తి అవతల పారేసింది. అడుగున గోధుమరంగు కవర్లు ఆరు. ఎప్పుడూ వచ్చే కంపెనీయే. ఎప్పుడూ ఉండే రంగే. ముందువైపు పెద్ద అక్షరాలతో 'డార్క్' అని ఉంది. పక్కన బిళ్ళల బొమ్మ. దూరం నుంచి చూస్తే కవలపిల్లల్లో ఒకడు.

కొత్త అద్దాలు ముక్కు మీదికి తోసుకుని వెనక్కి తిప్పింది.

పదార్థాలు: చక్కెర, హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ – పామ్ గింజలది, కోకో పౌడర్ 20%, లెసిథిన్, వెనిలా రుచి.

దాని పైన, ముందువైపు కంటే చాలా చిన్నగా: కాంపౌండ్ పూత.

ఆమె మళ్ళీ చదివింది. మూడోసారి పైకే చదివింది. అప్పటికి తమ్ముడు, మరదలు, జోరయ్య ముగ్గురూ వెనకాల చేరారు.

"కోకో ఉంది కదక్కా, ఇరవై శాతం" అన్నాడు తమ్ముడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టుంది అతని గొంతు.

"కోకో ఉంటుందిరా. పౌడర్ కూడా కోకోనే. అంకె ఒక్కటే చూసుకుని మురిసిపోతే ఇలాగే ఉంటుంది." పెద్దక్క కవరుతో పనిగదిలోకి వచ్చి, అలమారలోంచి పాత పాకెట్ తీసింది. వాడగా నాలుగు కిలోలు మిగిలిన అసలుది. రెండు కవర్లూ పక్కపక్కన బల్ల మీద పరిచింది. "ఇది చూడు. పదార్థాలు ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనక, వరసలో రాస్తారు. ఇందులో మొదట కోకో మాస్, అంటే నూరిన కోకో గింజల ముద్ద, తర్వాత చక్కెర, తర్వాత కోకో బటర్, అన్నిటినీ కలిపి పట్టి ఉంచే లెసిథిన్, వెనిలా. కొవ్వు పేరు ఒక్కటే, కోకో బటర్. ఇక లెక్క చూడు. మాస్, బటర్ కలిపి కోకో యాభై నాలుగు. కింద పట్టికలో వంద గ్రాములకి చక్కెర నలభై ఐదు. కలిపితే?"

"తొంభై తొమ్మిది."

"మిగిలిన ఒక్కటీ లెసిథిన్, వెనిలా. ఇంకో నూనె దూరడానికి సందు లేదు. ఇప్పుడు దీన్ని చూడు. కోకో ఇరవై. చక్కెర నలభై తొమ్మిది. కలిపితే?"

"అరవై తొమ్మిది" అన్నాడు తమ్ముడు. చెబుతూనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మిగతా ముప్పై ఒకటి ఏమిటి?"

వరసలో రెండో పేరు అందరికీ కనబడుతూనే ఉంది.

"కొన్ని చోట్ల నూటికి ఐదు పాళ్ళ వరకూ వేరే కొవ్వు కలిపినా చాక్లెట్ అనే అననిస్తారు. ముప్పై ఒకటి కలిపితే ఎక్కడా అననివ్వరు. ఇది తప్పు సరుకు కాదు, దీని పని దీనిది. బిస్కెట్ మీద పూత వేసుకోవచ్చు, కేకు మీద పోసుకోవచ్చు. కానీ దీన్ని చాక్లెట్ అనకూడదు. దాంతో కలపనూ కూడదు. ఈ రెండు కొవ్వులూ ఒక గిన్నెలో పడితే ఒకదాన్నొకటి గట్టిపడనివ్వవు. రాయి మీద కాదు కదా, మంచుగడ్డ మీద లాగినా ఆ పదకొండు కిలోలు ఇక దారికి రావు."

చెబుతున్నంతసేపూ ఆమెకి లోపల ఒక నీచమైన సంతోషం కూడా కలిగింది. చేతులు చెడలేదు. తప్పు చేతులది కాదు. మరి ఎవరిది? ఈ ప్రశ్న రాగానే, పొద్దుటి నుంచీ దిగమింగిన భయమంతా కోపమై మరదలి మీదకి తిరిగింది.

"తెప్పించేది నువ్వు కదా! ఏం తెప్పిస్తున్నావో చూసుకోవా? ముందువైపు రంగు చూసి మోసపోవడానికి ఇదేమన్నా చీరా? ఇన్నేళ్ళు చెప్పానే, కవరు వెనకవైపు చదవాలని! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మా తమ్ముడి పరువు, నా పేరు, అన్నీ ఒక్క దెబ్బతో…"

"అక్కా" అన్నాడు తమ్ముడు.

"నువ్వు ఊరుకో!"

మరదలు చేతులు తుడుచుకుని లోపలికెళ్ళింది. సొరుగు లాగిన చప్పుడైంది. ఒక చీటీ తెచ్చి, రెండు కవర్ల పక్కన, మడత విప్పి పెట్టింది. సరుకు దింపిన చీటీ. 'అడిగిన డార్క్ 54% నిల్వ లేదు. బదులుగా డార్క్ కాంపౌండ్, ఐదు కిలోలవి ఆరు. ఒప్పుకుంటేనే సంతకం చేయగలరు' అని ఉంది. అడుగున సంతకం.

పెద్ద అక్షరాలతో, తోక పొడుగ్గా లాగి, ఎంతో ధీమాగా పెట్టిన సంతకం. పెద్దక్కది.

మొన్న మధ్యాహ్నం అంతా ఒక్కసారిగా కళ్ళ ముందు నిలబడింది. పాత అద్దాలు దుకాణంలో ఇచ్చేసింది, కొత్తవి ఇంకా రాలేదు. గుమ్మంలో బండివాడు తొందరపెడుతున్నాడు, 'మీరు అడిగింది లేదమ్మా, దీన్ని పంపారు, చూసుకోండి' అని ఏదో గొణిగాడు. గోధుమరంగు కవర్లు మసగ్గా కనబడ్డాయి. పక్కనుంచి మరదలు "నేను చదవనా వదినా?" అంది. దానికి తనేమంది? "ముప్పై ఏళ్ళుగా సరుకు దించుకుంటున్నాను. నాకు నువ్వు చదివి పెట్టాలా?" అంది. బండివాడి ముందు, జోరయ్య ముందు అంది.

"మరి తర్వాతైనా…" అంది పెద్దక్క. "తర్వాతైనా నువ్వు చూడొచ్చు కదా."

"మీరు సంతకం పెట్టాక నేను మళ్ళీ చదివితే, మిమ్మల్ని అనుమానించినట్టు కదా వదినా" అంది మరదలు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఎంత బాగుండేదో. "అందుకే మడిచి లోపల పెట్టేశాను. నాదీ తప్పే."

పెద్దక్కకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గేసింది. చిన్నప్పుడెప్పుడో తప్ప మళ్ళీ ఎరగనంత సిగ్గేసింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ముప్పై ఏళ్ళు వాదిస్తే, చివరికి కుందేలే కాదని తేలింది.

"నన్ను క్షమించమ్మా" అంది. మరదలితో ఆ మాట అనడం అదే మొదటిసారి.

పదింబావు అయింది.

తమ్ముడు లేచాడు. అతని మొహంలో ఏదో లెక్క తేలింది. "అక్కా, విను. ఈ పదకొండు కిలోలు పక్కన పెట్టేద్దాం. డబ్బాలో కాంపౌండ్ ఇంకా ఇరవై కిలోల పైనే ఉంది. దానికి టెంపరింగ్ కూడా అక్కర్లేదు. నువ్వూ జోరయ్యా కూర్చుంటే సాయంత్రానికి నూట ఇరవై పెట్టెలూ అయిపోతాయి. చెఫ్ వస్తే ఆలస్యమైందని చెప్తాను."

"లేబుల్ మీద ఏం రాసి ఉందిరా?"

లేబుల్ మీద 'కోకో 54%. కొవ్వు: కోకో బటర్ మాత్రమే' అని ఉంది. నిన్న వెళ్ళిన రెండొందల పలకలకి చుట్టిన కాగితపు పట్టీల మీదా అదే ఉంది. ఆ వాక్యం పెద్దక్కే రాయించింది. రంగు పెట్టెలు ఎవరైనా చేస్తారు, ఈ మాట ఎవరూ రాయలేరు అని పట్టుబట్టి రాయించింది.

"ఈ ఒక్కరోజుకి" అన్నాడు తమ్ముడు. "ఈ ఒక్కరోజుకే అక్కా. రేపు ఉదయానికల్లా అసలు సరుకు తెప్పిస్తాను. నిన్నటివి ఎలాగూ తినేశారు, ఎవరూ ఏమీ అనలేదు. ఇది పోతే మనకి ఏమీ మిగలదు. నీకు తెలుసు."

తెలుసు. తమ్ముడి కళ్ళ కింద నలుపు ఎప్పటి నుంచి ఉందో కూడా తెలుసు. చిన్నప్పుడు జ్వరమొస్తే వాణ్ణి భుజాన వేసుకుని తిరిగింది తనే. ఒప్పుకుంటే సరిపోతుంది. గిన్నెలో పోసి కరిగించడమే. ఆమె నిజంగానే ఒక్క నిమిషం ఆ డబ్బా మూత మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ తర్వాత చెయ్యి తీసేసింది. తీసేయడానికి గొప్ప కారణమేమీ తోచలేదు. ఇందాకే కవరు చదివిన కళ్ళతో ఆ లేబుల్ అంటించలేననిపించింది, అంతే.

చెఫ్ పదకొండింటికి పది నిమిషాల ముందే వచ్చాడు. పొడుగ్గా, ఇస్త్రీ నలగని తెల్లకోటులో. ముందుగా మూడు పెట్టెలు చూపించమన్నాడు.

తమ్ముడు నోరు తెరిచే లోపే పెద్దక్క రెండు కవర్లూ, చీటీ తెచ్చి అతని ముందు పెట్టింది.

"పెట్టెలు లేవండీ. నిన్న మీకు పంపిన రెండొందల పలకలూ చాక్లెట్ కాదు, కాంపౌండ్. మా పట్టీ మీద కోకో బటర్ మాత్రమే అని ఉంది, అది అబద్ధమైంది. సరుకు దించుకుని సంతకం పెట్టింది నేను. చదవకుండా పెట్టాను."

చెఫ్ కవరు వెనక్కి తిప్పి చదివాడు. అతను చదివే తీరులోనే తెలిసింది, ఆ వరస అతనికి కొత్త కాదు. రెండో పేరు దగ్గర వేలు ఆగింది. తమ్ముడు గోడకి ఆనుకున్నాడు.

"నేనూ ఒకటి తిన్నాను రాత్రి" అన్నాడు చెఫ్ చివరికి. "కాఫీతో."

"నేను టీతో" అంది పెద్దక్క. "వేడి గుక్క నోట్లో ఉంటే ఏ కొవ్వైనా కరుగుతుందండీ. ఉత్త నోటితో తింటే అంగిట్లో పొరలా అంటుకునేది. అయినా నాలుకని సాక్షిగా నిలబెట్టలేం. రాసి ఉన్నదే సాక్షి."

"రాత్రి తిన్నవాళ్ళలో ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదమ్మా. ఒకావిడైతే ఎక్కడ దొరుకుతుందని అడిగింది." చెఫ్ గొంతు తగ్గించాడు. "ఈ సంగతి ఈ గది దాటకపోతే నాకూ మీకూ ఇద్దరికీ సుఖం. పలకల్ని గదుల్లో పెట్టేముందు ఎందుకు పరీక్షించలేదని మా పైవాళ్ళు నన్నూ అడుగుతారు. ఆ రాత మొత్తం లేని లేబుల్ వేయండి. సాయంత్రానికి పెట్టెలు పంపండి."

తమ్ముడి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. దేవుడు వరమిచ్చినట్టే ఉంది. జోరయ్య అప్పుడే డబ్బా మూత తీశాడు. జోరు అలాంటిది.

"సాయంత్రం పెట్టెల మీద వాక్యం తీసేస్తాం, సరే. నిన్న తిన్నవాళ్ళు చదివిన వాక్యాన్ని ఎలా తీస్తామండీ?" అంది పెద్దక్క. "వాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి. అసలు బిళ్ళలు నా దగ్గర నాలుగు కిలోలున్నాయి. నలభై పెట్టెలు చేయగలను. నలభై ఒకటోది చేయలేను."

"అక్కా!" తమ్ముడి అరుపుకి గిన్నెలు మోగాయి. "ఎవరికీ తెలియలేదు కదక్కా!"

"నాకూ తెలియలేదురా" అంది పెద్దక్క. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "ముప్పై ఏళ్ళు చేసినదాన్ని, తిని బాగుందన్నాను. నాకే తెలియకపోతే పాపం వాళ్ళకెలా తెలుస్తుంది? వాళ్ళు నా నాలుకని కూడా కాదు, ఆ పట్టీ మీద రాతని నమ్మి తిన్నారు."

చెఫ్ కవరు బల్ల మీద పెట్టాడు. కోటు గుండీ ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. కోపమొచ్చిందో మరేమొచ్చిందో ఆ మొహంలో తెలియలేదు.

"ఒంటిగంటకి ఆ గదుల్లో ఉన్న డాక్టర్లంతా భోజనానికి కూర్చుంటారు. రెండొందల మంది. అంత చెప్పాలని ఉంటే మీరే వచ్చి చెప్పండి. నేను చెప్పను. అయ్యాక ఏం చేయాలో ఆలోచిస్తాను."

అతను వెళ్ళిపోయాక పెద్దక్క అద్దాలు తీసి తుడుచుకుంది. రెండొందల మంది ముందు ఆమె జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంట్లో నలుగురి మీద అరవడం వేరు. జోరయ్యకి నాలుగు కిలోలూ అప్పగించి, "కరిగించి నలభై ఐదులో ఉంచు. నేను వచ్చేదాకా చెయ్యి పెట్టావో, ఊరుకోను" అంది. తమ్ముడు ఆమె వంక చూడలేదు. మరదలు మాత్రం చెప్పులేసుకుని వచ్చి పక్కన నిలబడింది.

"నేనూ వస్తాను వదినా. చీటీ మడిచి దాచింది నేనే కదా."

హోటల్ భోజనశాల చివర ఒక చిన్న వేదిక. చెఫ్ మైకు చేతికిచ్చి, "మన చాక్లెట్లు చేసినావిడ ఒక మాట చెబుతారట" అని పక్కకి తప్పుకున్నాడు. చప్పట్లు కొట్టారు. మెచ్చుకోలు వినడానికి వచ్చిందనుకున్నారు కాబోలు. ఆ చప్పట్లు వినలేక ఆమెకి చెవులు వేడెక్కాయి. మరదలు వెనకనుంచి మోచెయ్యి పట్టుకుంది.

"రాత్రి మీ దిండ్ల మీద పెట్టింది చాక్లెట్ కాదండీ" అంది పెద్దక్క. మైకులో తన గొంతు తనకే పరాయిదిలా వినబడింది. "పట్టీ మీద కోకో బటర్ మాత్రమే అని ఉంది. లోపల ఉన్నది పామ్ గింజల కొవ్వు. కోకో పౌడర్ కలిపారు, చక్కెర కలిపారు. తింటే ప్రమాదం లేదు, కానీ నేను రాసింది అది కాదు. సరుకు చదవకుండా తీసుకున్నాను. ఈ హోటల్ వాళ్ళకి తెలియదు. తప్పు నాది."

చెంచాల చప్పుడు ఆగింది. ఎవరో గుసగుసలాడారు. వెనక బల్ల దగ్గర ఒకాయన నవ్వాడు. ఆమె గోడ గడియారం కోసం వెతుక్కుంది, ఎక్కడా లేదు. ముందు బల్ల దగ్గర తెల్లజుట్టు డాక్టరమ్మ ఒకావిడ మెల్లగా లేచి నిలబడింది. రాత్రి ఎక్కడ దొరుకుతుందని అడిగినావిడ ఈవిడేనేమో.

"నాకది చాలా నచ్చిందమ్మా" అంది ఆవిడ, కాస్త నొచ్చుకున్నట్టు. "ఇంత వయసొచ్చి, ఏది మంచిదో కూడా తెలియనిదాన్నయ్యానా?"

"అయ్యో, కాదండీ" అంది పెద్దక్క. "మీకు నచ్చడం తప్పు కాదు. నేను రాసింది తప్పు."

ఆవిడ కాసేపు చూసి, తల ఊపి కూర్చుంది. ఒక్కొక్కటిగా చెంచాలు మళ్ళీ కదిలాయి. పెద్దక్క మైకు ఎక్కడ పెట్టాలో తెలియక మరదలి చేతిలో పెట్టింది.

గుమ్మం దగ్గర చెఫ్ దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. "ఏడాది మాట ఇక నా చేతిలో లేదు" అన్నాడు. "పైవాళ్ళు ఒప్పుకోరు. నెల నెలా అయితే నేను చూసుకోగలను. ప్రతిసారీ ఖాళీ కవర్లు నాకు పంపాలి. వెనకవైపు నేనూ చదువుతాను."

"పంపుతాం" అంది మరదలు, వదిన వంక చూడకుండానే.

"ఆ నలభై పెట్టెలు ఐదింటికి ఇక్కడుండాలి. ముందు బల్లల వరకైనా సరిపోతాయి."

అప్పటికి ఒకటీ నలభై. పూత గట్టిపడటానికి, పెట్టెల్లో సర్దడానికి, దారికి పోగా చేతిలో రెండు గంటలు కూడా లేవు. మరదలు మెట్లు దిగుతూనే పనిగదికి ఫోన్ కలిపింది. అవతల తమ్ముడు ఎత్తాడు గానీ మాట్లాడలేదు.

"పాలరాయి తుడిచి పెట్టరా" అంది పెద్దక్క ఫోన్ లాక్కుని. "వస్తున్నాం."

నీళ్ళు పిండిన గుడ్డతో కాకుండా పొడిగుడ్డతో తుడవాలా అని తమ్ముడు అడిగాడు. పొడిగుడ్డతోనే అని చెప్పి, ఆమె మరదలి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది.